జ్వరం దిగిన రోజు

పట్టా చేతికొచ్చిన మర్నాడు పొద్దున్నే కౌలాలంపూర్‌లో బస్సెక్కి మా ఊరు తెలుక్ ఇంటాన్ బయల్దేరాను. ఒళ్ళో గొట్టంలో చుట్టిన పట్టా, కాళ్ళ దగ్గర సంచిలో అద్దెకు తెచ్చుకున్న నల్ల గౌను. దాన్ని నాలుగు రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి, ఈలోగా మా వాళ్ళందరూ తొడుక్కుని ఫోటోలు దిగాలి. పక్క సీట్లో ఉన్న చైనా ముసలాయన దారిలో తాపా ఊరు వచ్చేదాకా కూడా ఆగలేదు, ఆ గొట్టం ఏమిటని అడిగాడు. నర్సింగ్ డిగ్రీ అన్నాను. మా ఇంట్లో మొదటిదాన్ని అన్నాను. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటకి వచ్చాడు, తాత ఆ తోటలోనే పోయాడు, మా అమ్మ పామాయిలు తోటలో గడ్డి మందు కొట్టింది, నేను డిగ్రీ చదివాను అని ఆయన అడగనివి కూడా చెప్పేశాను. ఆయన నవ్వి, బిస్కెట్ పొట్లం నా వైపు తిప్పాడు.

నా దగ్గర ఇంకో కబురు కూడా ఉంది. అది ఆయనకు చెప్పలేదు. అది మా పెద్దమ్మకి.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. ఒకే వీధిలో మూడిళ్ళ అవతల ఉంటుంది. ఆమెకి ఒక్కడే కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. అన్న పంతొమ్మిదో ఏట, ఆరేళ్ళ కిందట, డెంగీ జ్వరంతో చనిపోయాడు. అప్పట్నుంచి పెద్దమ్మ నమ్మేది ఒకటే. ఒంట్లో అమ్మోరు ఉండగా కొడుకుని క్లినిక్కి తీసుకెళ్ళి సూది గుచ్చనిచ్చింది, అమ్మోరికి కోపం వచ్చింది, అందుకే పిల్లాణ్ణి పట్టుకుపోయింది. తన చేతులతో తనే కొడుకుని చంపుకున్నానని ఆమె లెక్క. ఆరేళ్ళుగా గుడి మెట్టెక్కలేదు. పెళ్ళిళ్ళకి రాదు, పేరంటాలకి రాదు. ఎవరైనా పిలిస్తే, "నా సెయ్యి తగిలితే మంచిది కాదులే" అంటుంది.

సూది కాదు, అమ్మోరు కాదు, అసలు ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది అన్నదే నా రెండో కబురు. అది చెప్పేస్తే ఆరేళ్ళ బరువు దిగిపోతుందని, డిగ్రీ చదివినందుకు నేను మా ఇంటికి చేసే మొదటి మేలు అదేనని అనుకున్నాను. బస్సు తెలుక్ ఇంటాన్ చేరేదాకా ఆ మాటలే వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాను.

నాకది ఎలా తెలిసిందో చెప్పాలి.

పరీక్షలు కాగానే నన్ను రాజధానిలో ఒక పెద్ద ఆసుపత్రి రక్త క్యాన్సర్ల వార్డులో వేశారు. పట్టాలిచ్చే పండగ తర్వాత జరిగింది గానీ, అప్పటికే ఉద్యోగంలో చేరి మూడు నెలలు. అక్కడ నా పై నర్సు ఒక మలాయి ఆవిడ, పాతికేళ్ళ సర్వీసు. అక్కా అన్నట్టు మలాయిలో కాక్ అని పిలుస్తాం. కరోనా రోజుల్లో రెండేళ్ళు ఐసీయూలో పనిచేసిన మనిషి. నవ్వదు, కానీ మనం అన్నం తిన్నామో లేదో మాత్రం చూస్తుంది.

ఆ వార్డుకి సుంగై పెటాని నుంచి ఒకాయన వచ్చాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, నలభై లోపు వయసు, మా తెలుగాయనే. లింఫోమా. రెండు రకాల మందులు వాడినా తిరిగొచ్చింది. ఇక మిగిలింది కణాల చికిత్స. ఆయన రక్తంలోంచే టీ కణాలు తీస్తారు. మన ఒంట్లో కాపలా సిపాయిలు అవి. ప్రయోగశాలకి పంపి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే కొత్త కొక్కెం ఒకటి వాటికి తగిలేలా మార్చి, కోట్లుగా పెంచి, తిరిగి ఆయన ఒంట్లోకే ఎక్కిస్తారు. ఎక్కించేది చిన్న సంచి. ముందు కొన్ని రోజులు కీమో ఇచ్చి ఒంట్లో చోటు ఖాళీ చేస్తారు గానీ, అసలు కణాలు ఎక్కడానికి అరగంట కూడా పట్టలేదు.

"ఇంతేనేటమ్మా? టీ గలాసుడంత ఉన్నాది. ఇన్ని నెల్లు కాసింది దీనికోసమేనా?" అన్నాడాయన, సంచి ఖాళీ అవుతుంటే.

"ఇప్పుడే కాదు. అవి లోపల పెరుగుతాయి," అన్నాను.

"పెరిగి ఏటి సేత్తాయి?"

"కొడతాయి."

"నన్నా, దాన్నా?"

నేను నవ్వేశాను. వెనకాల ఉన్న కాక్ మాత్రం నవ్వలేదు.

ఆయన అడిగింది చాలా సరైన ప్రశ్న అని నాకు రెండో రోజుకే అర్థమైంది.

ఆ రోజు సాయంత్రం జ్వరం ముప్ఫైతొమ్మిది దాటింది. ఇలాంటి రోగికి తెల్లకణాలు బాగా తగ్గి ఉంటాయి కాబట్టి ముందు ఇన్ఫెక్షన్ అనుకునే నడవాలి. రక్తం తీసి కల్చర్‌కి పంపాం, యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. మూడో రోజు పొద్దున బీపీ పడిపోవడం మొదలైంది. సెలైన్ పెట్టాం. మధ్యాహ్నానికి ముక్కుకి ఆక్సిజన్. రక్త పరీక్షల్లో వాపుని చూపించే అంకెలు గంటగంటకీ నిచ్చెనెక్కాయి. మూత్రం తగ్గింది. కిడ్నీ అంకె కదిలింది. కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు.

దీన్నే సైటోకైన్ తుఫాను అంటారు. పుస్తకంలో చదివి పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మంచం పక్కన నిలబడి చూడటం అదే మొదలు. కాక్ భోజనాల గదిలో టిఫిన్ డబ్బా మూత మీద స్పూన్లు పేర్చి నాకు మళ్ళీ చెప్పింది.

సైటోకైన్లంటే కణాలు ఒకదానికొకటి వేసుకునే కేకలు. చిన్నచిన్న ప్రోటీన్లు. శత్రువు కనిపిస్తే ఒక కణం కేక వేస్తుంది, పక్కది వింటుంది, పరుగెత్తుకొస్తుంది. పని అవగానే "ఇక చాలు" అనే కేకలు కూడా ఉంటాయి, అందరూ ఇళ్ళకి పోతారు. మనకి మామూలుగా వచ్చిపోయే జలుబూ జ్వరాలన్నీ ఇలాగే తగ్గుతాయి. కానీ కొన్నిసార్లు కేక విన్నది ఇంకా గట్టిగా కేకేస్తుంది, దాన్ని విన్నది ఇంకా గట్టిగా. ఈయన విషయంలో మార్చిన టీ కణాలు క్యాన్సర్ కణాల్ని చంపుతూ కేకలేశాయి. ఆ కేకలకి మాక్రోఫేజులు అనే పెద్ద కణాలు లేచాయి. అవి ఇంటర్‌ల్యూకిన్ ఆరు అనే కేకని ఒళ్ళంతా గుమ్మరించాయి. జ్వరం దానివల్లే. ఆ కేకకి రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టు వదులుతాయి, గోడ కారడం మొదలెడుతుంది. రక్తంలో నీటి భాగం బయటికి పోతుంది. బీపీ పడుతుంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే ఆయాసం. రక్తం అందక కిడ్నీ, కాలేయం దెబ్బతింటాయి. గడ్డకట్టే పద్ధతి గాడి తప్పితే ఒకచోట గడ్డలు, ఇంకోచోట రక్తస్రావం. శత్రువు చేసే నష్టం ఒక వంతు అయితే మనవాళ్ళు చేసేది పది వంతులు అవుతుంది.

"కరోనాలో కూడా ఇంతే," అంది కాక్. "రెండో వారంలో వచ్చేవాళ్ళు. అప్పటికి వైరస్ తగ్గుతూ ఉండేది. మనిషి మాత్రం మునిగిపోతూ ఉండేవాడు. స్టెరాయిడ్ సరైన రోజున ఇస్తే కొందరు తేలేవాళ్ళు. మొదటి రోజే ఇచ్చేస్తే వైరస్‌కి తలుపు తీసినట్టు. రోజు తెలియాలి, అదే మొత్తం."

ఆ మధ్యాహ్నమే డాక్టర్లు ఇంటర్‌ల్యూకిన్ ఆరు కేకని వినే చెవుల్ని మూసే మందు ఎక్కించమన్నారు. గంటసేపు డ్రిప్. కొన్ని గంటల్లో జ్వరం దిగిపోయింది. మర్నాడు పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి ముప్ఫైఆరు పాయింట్ ఎనిమిది. బీపీ నిలబడింది. నేను చార్టులో రాసి, గబగబా కాక్ దగ్గరికి వెళ్ళాను.

"కాక్, జ్వరం పూర్తిగా పోయింది!"

"చూశాను. రాయించావా?"

ఈ చికిత్స తీసుకున్నవాళ్ళతో రోజూ కాగితం మీద ఒక వాక్యం రాయిస్తాం. ఏ ఊళ్ళో ఉన్నారు, ఇది ఏ నెల అని అడుగుతాం. పెన్ను చూపించి ఇదేమిటి అంటాం. వంద నుంచి పది పదిగా వెనక్కి లెక్కపెట్టమంటాం. మెదడు మీదికి వస్తే మొట్టమొదట దస్తూరీలో కనిపిస్తుంది. ఆయన రోజూ ఒకే వాక్యం రాసేవాడు, మలాయిలో: ఈ రోజు కూడా గంజి బాగాలేదు.

"జ్వరమే లేదు కదా కాక్, కాస్త పడుకోనిచ్చి తర్వాత రాయిస్తాను," అన్నాను.

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. "జ్వరం దిగితే ఇంటివాళ్ళు సంతోషపడతారు. మనం పడకూడదు. ఇప్పుడే వెళ్ళు."

ఆయన పెన్ను పట్టుకున్నాడు. మొదటి రెండు మాటలు పడ్డాయి. తర్వాత గీత కిందికి జారిపోయి, కాగితం అంచు దాటి, దుప్పటి మీద గీసుకుంటూ పోయింది. వంద తర్వాత తొంభై అన్నాడు, మళ్ళీ తొంభై అన్నాడు. పెన్ను చూపిస్తే చాలాసేపు చూసి, సిగ్గుపడుతూ, "అదేనమ్మా... అది..." అని ఆగిపోయాడు.

పది నిమిషాల్లో డాక్టర్లు వచ్చారు. స్టెరాయిడ్ మొదలుపెట్టి ఐసీయూకి మార్చారు. మంచం లిఫ్టులోకి తోస్తుంటే పక్కనే నడుస్తున్నాను. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. నాకు అన్న గుర్తొచ్చాడు. అక్కడే, నడవలో, గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

అన్నకి అప్పుడు జ్వరం వచ్చిన మూడో రోజున క్లినిక్కి వెళ్ళాం. పెద్దమ్మ, నేను, వాడు. వాడు మోటారుసైకిళ్ళ షాపులో పని చేసేవాడు, రోజూ నన్ను బడికి దింపేవాడు. ఆ రోజు మాత్రం నేను వాణ్ణి పట్టుకుని నడిపించాను. రక్తం తీశారు. డెంగీ అన్నారు. చిన్నప్పుడు కూడా వాడికి ఒకసారి వచ్చింది. రెండోసారి వేరే రకం డెంగీ వస్తే పాత ప్రతిరక్షకాలే వైరస్‌ని కణాల్లోకి చెయ్యిపట్టి తీసుకెళ్ళగలవని, అందుకే అది మరింత ప్రమాదమని నాకు అప్పుడు తెలియదు. ఒక కార్డు ఇచ్చారు. రోజూ వచ్చి రక్తం చూపించుకోవాలి, జ్వరం తగ్గినా రావాలి అన్నారు. మలాయిలో చెప్పారు, నేను తెలుగులో పెద్దమ్మకి చెప్పాను. నాలుగో రోజు కూడా వెళ్ళాం.

ఐదో రోజు పొద్దున ఒళ్ళంతా ఎర్రగా పొక్కింది. పెద్దమ్మ చూసి చేతులు జోడించింది. "అమ్మోరు. అమ్మోరు వొచ్చినాది," అంది. నా చేతికి థర్మామీటరు ఇచ్చారు. ఇంట్లో సైన్సు చదివేదాన్ని నేనే. వాడి చంకలో పెట్టి, తీసి, వెలుతురులో పట్టుకుని చూశాను. మామూలుగా ఉంది.

"జ్వరం పోయింది పెద్దమ్మా!" అని అరిచాను. నాకు బాగా గుర్తు, అరిచాను.

అమ్మోరు చల్లబడిన రోజున మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. వేపాకు, పసుపు వేసిన నీళ్ళు తలమీదుగా పోస్తారు. గుమ్మంలో చల్లకుండ దించుతారు. ఆ రోజు పొద్దు గూకేదాకా ఒంటిమీదికి అమ్మోరు వచ్చినవాళ్ళు గడప దాటకూడదు. పెద్దమ్మ అన్నీ చేసింది. అన్న పీట మీద కూర్చుని, "ఓలమ్మా, సల్లగా ఉన్నాదే, ఈ గుంట నవ్వుతాది సూడు," అని నా మీద నీళ్ళు చిమ్మాడు.

"ఇయాల క్లినిక్కి మరి?" అని అమ్మ అడిగింది.

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను, "జ్వరమే లేదు కదా, రేపు ఎల్దాంలే," అన్నాను.

మధ్యాహ్నం కడుపునొప్పి అన్నాడు. వాంతులు. తర్వాత ఒకచోట ఉండలేకపోయాడు, పడుకుంటాడు, లేస్తాడు. నాలుగింటికి చేతులు చల్లగా, చెమటగా ఉన్నాయి. జ్వరం లేదు కాబట్టి ఒళ్ళు చల్లగా ఉండటం మంచిదనుకున్నాం. పొద్దు గూకగానే తీసుకెళ్ళేసరికి బీపీ యంత్రానికి అందలేదు. రక్తం చిక్కబడిపోయింది అన్నారు. రెండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. కాలేయం, తర్వాత కిడ్నీలు, తర్వాత రక్తం ఆగలేదు. మూడో రోజు పొద్దున పోయాడు.

సుంగై పెటాని ఆయన వారంలో ఐసీయూ నుంచి తిరిగొచ్చాడు. కాగితం ఇస్తే, గంజి వాక్యం గుండ్రటి అక్షరాల్లో రాసి, కింద ఇంకో వరస కలిపాడు: ఐసీయూ గంజి ఇంకా ఘోరం. మరో రెండు వారాలకి ఇంటికి వెళ్ళిపోయాడు. వాళ్ళావిడ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆవిడ ఒకందుకు, నేను ఇంకొకందుకు.

ఇంతా తెలిసీ నేను బస్సులో సంతోషంగా కూర్చున్నాను. అదెలా సాధ్యమో ఇప్పుడు ఆలోచిస్తే నాకే వింతగా ఉంటుంది. సూది కాదు అన్న సగమే నాకు కనిపించింది. దాని వెనకే ఇంకో సగం నడిచి వస్తుందని ఎందుకో తట్టలేదు.

మా వీధిలో దిగగానే అమ్మ గౌను తొడుక్కుని వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. టోపీ కుచ్చు కళ్ళలో పడుతుంటే ఊదుకుంటూ, "నాను కూడా పాసైపోనానే!" అంది. పక్కింటి తమిళావిడ ఫోటోలు తీసింది. నేను స్వీట్ల డబ్బా పట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను.

ఆమె వెనక వసారాలో కొబ్బరి కోరు గుడ్డలో వేసి పాలు పిండుతోంది. చెయ్యి కడుక్కోకుండానే మోచేత్తో నా బుగ్గ తట్టింది.

"వొచ్చినావేటే, పెద్ద నర్సమ్మా? నల్ల గౌనేదీ? మీ యమ్మ ఏసీసుకున్నాదా?"

"తియ్యను అంతంది."

"అది అంతే. సిన్నప్పుడు నా గౌను కూడా అలాగే లాగీసుకునీది." డబ్బాలోంచి చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "ఆడుంటే ఊరంతా బండిమీద నిన్ను తిప్పీవోడు."

ఆ మాట వినగానే ఇక ఆగలేకపోయాను. పీట లాక్కుని కూర్చుని, "పెద్దమ్మా, నీకోటి సెప్పాల. అన్న సూది వల్ల పోలేదు," అన్నాను.

ఆమె చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"అమ్మోరు కోపం కాదు. సూది ఒట్టి రక్తం తీసినాది, అంతే. అదేటీ సెయ్యలేదు. ఆడి ఒంట్లో ఆడి కాపలావోళ్ళే ఎర్రెత్తిపోనారు."

చెప్పాను. కేకల సంగతి చెప్పాను. ఒక ఇంట్లో నిప్పు పడితే ఊరంతా కేకలేసుకుంటూ వచ్చి, గోడలు పడగొట్టి, బిందెలు గుమ్మరించి, నిప్పు ఆరిపోయాక కూడా ఆపకుండా ఇల్లు కూల్చేస్తే ఎలా ఉంటుందో అలా అన్నాను. ఆమె తల ఊపుతూ వింది. రక్తనాళాల దగ్గరికి వచ్చేసరికి మాట దొరకలేదు. ఆమె చేతిలో గుడ్డ చూపించాను.

"ఈ గుడ్డ సూడు. ఇందులోంచి పాలు కారిపోతాయి, పిప్పి లోపలుండిపోద్ది. ఆడి నరాల గోడలు ఇలాగైపోనాయి. రక్తంలో నీరంతా కడుపులోకీ రొమ్ములోకీ కారిపోయినాది. సిక్కటి రక్తం మిగిలిపోనాది. గుండె కొట్టుకున్నా తోయడానికేటీ లేదు. అందుకే సేతులు సల్లబడిపోనాయి. రక్తం అందకే కాలేయం, కిడ్నీ పోనాయి."

"నొప్పెట్టిందా?"

"కడుపులో నొప్పెట్టుంటాది."

"అయితే సూది కాదు."

"కాదు పెద్దమ్మా."

"నాను నీల్లు పోసినందుక్కూడా కాదు."

"కాదు. నీల్లేటీ సెయ్యలేదు."

ఆమె ముఖం మీద ఏదో వదులవడం చూశాను. నా పొంగు చెప్పలేను. ఆ పొంగులోనే, ఎవరూ అడక్కుండానే, బస్సులో ఆ ముసలాయనకి చెప్పినట్టే, మిగతాది కూడా చెప్పేశాను. మా వార్డులో ఒకాయన ఉన్నాడని, ఆయనకీ ఇలాంటి తుఫానే వచ్చిందని, ఆయనకి వేరే మందు ఉందని, డెంగీకి ఆ మందు పనికిరాదని, దానికి డ్రిప్‌లో నీళ్ళు కొలిచి కొలిచి ఎక్కించడమే వైద్యమని. "ఆ కారడం ఒకటి రెండు రోజులే పెద్దమ్మా, తరవాత గోడలు ఆటంతట అవే బాగుపడిపోతాయి. జ్వరం దిగినప్పుడే మొదలౌద్ది. అందుకే జ్వరం దిగిన రోజే దగ్గరుండి సూడాల."

అని ఆగిపోయాను. నా మాటే నాకు వినిపించింది.

ఆమె గుడ్డని గిన్నె అంచున పెట్టింది. చేతులు చీర చెంగుకి తుడుచుకుంది, ఒక్కో వేలూ.

"జ్వరం దిగిన దినాన."

"ఊఁ."

"ఆ దినాన మనం ఎల్లలేదు."

పక్కింట్లో ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు, దాని బీప్ బీప్ వినిపిస్తోంది.

"ఎల్లుంటే బతికీవోడేటే?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. తెలియదు అనొచ్చు. విధి అనొచ్చు. మూడు నెలల కిందట అయితే అనేదాన్నేమో. కానీ ఆరేళ్ళు ఆమె ఒక అబద్ధాన్నే నమ్ముకుని ఉంది, ఇప్పుడు నేను దాన్ని పీకి ఇంకోటి నాటాలా?

"బతికీవోడేమో పెద్దమ్మా. కచ్చితంగా సెప్పలేను. కానీ పొద్దున్నే డ్రిప్ పెడితే సానామంది బతుకుతారు."

ఆమె గిన్నె పక్కకి జరిపింది.

"థర్మామీటరు సూసింది నాను పెద్దమ్మా. రేపు ఎల్దామన్నది నాను. నువ్వు నన్నే సూసినావు, నాను వొద్దన్నాను."

"నివ్వు సిన్న గుంటవి."

"సైన్సు సదివిందాన్ని."

"సిన్న గుంటవి," అంది మళ్ళీ. కోపంగా అంది. నా మీదో, ఇంకెవరి మీదో తెలియలేదు. లేచి, పిండిన పాలు చూసి, మరోసారి పిండాల్సిన కొబ్బరి కోరుని కూడా అలాగే వదిలేసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇంటికి వచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ గౌను విప్పి మడతపెడుతోంది. మడత ఆపింది.

"ఎందుకే సెప్పినావు? అదేదో అమ్మోరిమీద ఏసీసి ఎలాగో నెట్టుకొస్తన్నాది కదే."

"ఆమె తనమీద ఏసుకున్నాది, అమ్మోరిమీద కాదు."

"ఇప్పుడు మాత్రం ఎవులిమీద ఏసుకుంతాది?"

మిగతా మడత నేను పెట్టాను. సాయంత్రం వాకిట్లో బల్లలేసి వీధివాళ్ళకి భోజనాలు పెట్టాం. మేకమాంసం కూర, పప్పు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. పెద్దమ్మ రాలేదు. అమ్మ గిన్నెలో కూర తీసుకెళ్ళి, అలాగే వెనక్కి తెచ్చింది. మర్నాడు నేను బస్సెక్కే ముందు పెద్దమ్మ తలుపు కొట్టాను. లోపల చీపురు చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

వార్డులో మళ్ళీ పనిలో పడ్డాను. కొత్తగా వచ్చినవాళ్ళకి వాక్యం రాయించడం ఎలాగో ఇప్పుడు నేను చెబుతున్నాను. ఒకరోజు అన్నం తినకుండా కూర్చుంటే కాక్ కారణం అడిగింది. చెప్పాను.

"నిజమే చెప్పావు కదా," అంది.

"అవును, కానీ సంతోషంగా చెప్పాను కాక్. అది కబురు అనుకుని చెప్పాను."

ఆమె తన డబ్బాలోంచి చేప ముక్క తీసి నా డబ్బాలో వేసింది.

మూడు వారాల తర్వాత, పొద్దుటి డ్యూటీ ముగించుకుని హాస్టలు మెట్లెక్కుతుంటే ఫోను మోగింది. పెద్దమ్మ. ఆమె నాకు ఎప్పుడూ ఫోను చెయ్యలేదు. అమ్మ చేసి ఇస్తేనే మాట్లాడేది.

"నానే. తిన్నావా?"

"తిన్నాను పెద్దమ్మా. నువ్వు తిన్నావా?"

"ఊఁ. ఒకటి అడగనా? ఆ దినాన ఆడు నీల్లు అడిగినాడు. మూడు గలాసులు ఇచ్చినాను. అదంతా ఎక్కడికెల్లినాది?"

మెట్లమీదే కూర్చున్నాను. చెప్పాను. తాగిన నీళ్ళు కొంత వాంతుల్లో పోయి ఉంటాయి, మిగతాది రక్తంలోకి వెళ్ళినా గోడలు నిలుపుకోలేవు, కారిపోతుంది. అందుకే ఎంత తాగినా దాహం తీరదు.

"అయితే దాహం తీరనేదు ఆడికి."

"తీరుండదు."

"ఇంకా ఇచ్చుండాలా నాను?"

"ఇచ్చినా సాలదు పెద్దమ్మా. నరంలోంచి ఎక్కించాల. ఇంట్లో నువ్వు సెయ్యగలిగేది కాదు."

"సరే," అని పెట్టేసింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి అదే వేళకి చేస్తుంది. తిన్నావా అంటుంది, ఒక ప్రశ్న అడుగుతుంది, పెట్టేస్తుంది. ముక్కులోంచి రక్తం ఎందుకొచ్చింది అని ఒకరోజు. కాలేయం పాడైతే, తుఫాను గడ్డకట్టే పదార్థాల్ని వాడేస్తే, ఆపడానికి ఒంట్లో ఏమీ మిగలదు అని చెప్పాను. పొట్ట ఎందుకు ఉబ్బింది అని ఇంకోరోజు. ఐసీయూలో మొహమంతా ఎందుకు వాచిపోయిందో అడిగినప్పుడు, ఆ వాపు రాకుండా ఉండాలంటే నీళ్ళు ఎంత జాగ్రత్తగా ఎక్కించాలో, తక్కువైతే బీపీ, ఎక్కువైతే ఊపిరి, రెండిటి మధ్య దారి ఎంత సన్ననిదో చెప్పాను. ఆమె మధ్యలో ఆపి, "నెమ్మదిగా సెప్పు, ఇంకోపాలి," అంటుంది. మళ్ళీ చెబుతాను. ఎప్పుడూ ఏడవదు. పాఠం అప్పగించుకుంటున్నట్టు నా మాటలు తిరిగి నాకే చెప్పి సరిచూసుకుంటుంది. వాడి ఒంట్లో ఆ మూడు రోజులు గంటగంటకీ జరిగింది ఆమెకి కావాలి. తను లేని చోట వాడు ఒక్కడే ఉన్నాడని, ఇప్పుడైనా లోపలికి వెళ్ళి పక్కన కూర్చుందామని చూస్తున్నట్టు నాకు అనిపిస్తుంది.

నిన్న మధ్యాహ్నం మళ్ళీ చేసింది. తిన్నావా అనలేదు.

"ఆకరి దినాన నన్ను లోపలికి ఒగ్గినారు. ఆడి సెయ్యి పట్టుకున్నాను. ఏలు కదిపినాడు." ఆగింది. "నానని తెలిసినాదేటే ఆడికి?"

చదివినవన్నీ వెతుక్కున్నాను. కాలేయం పోయాక మెదడు ఎలా మసకబారుతుందో తెలుసు. మత్తుమందు మోతాదులు తెలుసు. వేలు కదలడానికి ఏ నరం కావాలో తెలుసు.

"నాకు తెల్దు పెద్దమ్మా."

"తెల్దా?"

"తెల్దు. ఎవులికీ తెల్దు."

ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఈసారి పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. కింద వీధిలో బస్సులు పోతున్నాయి.

"రేపు కూడా ఇదే డూటీయేనా నీకు?" అంది చివరికి.

"ఇదే."

"అయితే రేపు సేత్తాను," అంది.